జ్వరం తగ్గాక సెలైన్ ఎందుకు పెట్టారు, ప్లేట్‌లెట్లు పడిపోయాక ఎందుకు తీసేశారు?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు, 40 కిలోల బరువు. గత నెల డెంగీ వచ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి జ్వరం పూర్తిగా తగ్గిపోతే హమ్మయ్య అనుకున్నాం. సాయంత్రానికి కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టారు. దాని వేగం మాటిమాటికీ మార్చేవారు, కొన్ని గంటలకోసారి రక్తం తీసేవారు. ఆరో రోజు పొద్దున ప్లేట్‌లెట్లు 22 వేలకు పడిపోతే, అవి ఎక్కించకపోగా, ఉన్న సెలైన్ కూడా తీసేశారు. మా తమ్ముడు డాక్టర్లతో గొడవ పడ్డాడు. పాప క్షేమంగా ఇంటికి వచ్చింది కానీ అక్కడ ఏం జరిగిందో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. రిపోర్టులు పంపుతున్నాను. ఇప్పుడు నిన్నటి నుంచి మా బాబుకు జ్వరం. తొమ్మిదేళ్లు, 25 కిలోలు. డెంగీ కోసం చేసే ఎన్ఎస్1 పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఇంట్లోనే ఉంచి జాగ్రత్తగా చూసుకోమన్నారు. ఏం చూడాలి?
ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ముందు ఒక చిన్న పని చేయండమ్మా. బాబుకు జ్వరం మొదలైన తేదీ, వేళ ఒక కాగితం మీద రాసి, మందులు పెట్టుకునే చోట ఉంచండి. డెంగీలో రోజుల లెక్క అంతా అక్కడి నుంచే మొదలవుతుంది. పరీక్ష పాజిటివ్ వచ్చిన రోజునో, ఆసుపత్రికి వెళ్లిన రోజునో మొదటి రోజుగా లెక్కపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా లెక్క ఒకటి రెండు రోజులు వెనక్కి జరిగిందంటే, అసలు ప్రమాదం ఉన్న రోజును మనం 'ఇంకా రెండో రోజే కదా' అనుకుంటూ దాటేస్తాం.

బాబు సంగతికి వచ్చే ముందు అమ్మాయి రిపోర్టులు చూద్దాం. వాటిలో ఉన్నది అర్థమైతే బాబు దగ్గర దేని కోసం కనిపెట్టుకుని ఉండాలో సగం తెలిసిపోతుంది.

డెంగీ మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది జ్వరం దశ. ఇది రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. ఒళ్లు కాలిపోతుంది, కళ్ల వెనుక నొప్పి, నడుమునొప్పి, ముఖమంతా ఎర్రబడటం, అన్నం సహించకపోవడం. చూసేవాళ్లకు భయం వేసేది ఈ దశలోనే. కానీ ప్రాణాపాయం ఈ రోజుల్లో తక్కువ. రెండోది జ్వరం దిగేటప్పుడు మొదలవుతుంది. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య ఒళ్లు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే కిందికి వచ్చి అక్కడే నిలబడుతుంది. సరిగ్గా ఆ సమయంలో కొందరిలో రక్తనాళాల గోడలు కారడం మొదలుపెడతాయి. ఇది 24 నుంచి 48 గంటలు సాగి దానంతట అదే ఆగుతుంది. ఆ తర్వాతది కోలుకునే దశ. బయటికి కారిన నీరంతా రెండు మూడు రోజుల్లో తిరిగి రక్తంలోకి వచ్చేస్తుంది.

డెంగీ వచ్చిన వారిలో అత్యధికులకు రెండో దశ తెలియకుండానే గడిచిపోతుంది. కారడం అంత స్వల్పంగా ఉంటుంది. మీ అమ్మాయి విషయంలో స్వల్పంగా లేదు, అంతే తేడా.

కారేది ఏమిటో కూడా చెప్పాలి. మన సన్నని రక్తనాళాల లోపలి వైపు ఒక పలుచని పూత ఉంటుంది. బాబు రక్తంలో పరీక్ష పట్టుకున్న ఆ ఎన్ఎస్1 అనే వైరస్ ప్రోటీన్ ఈ పూతను దెబ్బతీస్తుంది. వైరస్‌తో పోరాడుతూ శరీరం విడుదల చేసే రసాయనాలు కూడా నాళాలను వదులు చేస్తాయి. దాంతో రక్తంలోని ప్లాస్మా, అంటే నీరు, లవణాలు, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కలిసిన భాగం, బయటికి జారి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న ఖాళీలోకి చేరుతుంది. రక్తకణాలు మాత్రం నాళాల్లోనే మిగులుతాయి. ఒక్క బొట్టు రక్తం బయట కనబడదు, విరేచనాలు ఉండవు, అయినా నాళాల్లో తిరిగే ద్రవం తరిగిపోతూ ఉంటుంది. 40 కిలోల పిల్లలో మొత్తం రక్తమే మూడు లీటర్ల లోపు ఉంటుంది. అందులోంచి కొన్ని గంటల్లో అర లీటరు ప్లాస్మా పక్కకు పోతే ఎంత లోటో ఊహించండి.

ఈ లోటును చూపించే అంకె రిపోర్టులో ప్లేట్‌లెట్లకు పైన ఎక్కడో ఉంటుంది. పీసీవీ అనో, హెమటోక్రిట్ అనో రాస్తారు. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో అది చెబుతుంది. పులుసు మరిగి నీరు తగ్గితే చిక్కబడ్డట్టు, ప్లాస్మా కారిపోయిన రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. మన ఇళ్లలో డెంగీ అనగానే అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతారు. పీసీవీ ఎంత అని అడిగిన బంధువును నేను ఇంతవరకూ చూడలేదు.

మీరు పంపిన కాగితాల్లో అమ్మాయి పీసీవీ రెండో రోజు 36. నాలుగో రోజు సాయంత్రం 44. పెరిగింది ఎనిమిదే కదా అనిపిస్తుంది. 36 మీద ఎనిమిది అంటే 22 శాతం. ఎవరి పీసీవీ అయినా వారి సొంత అంకె మీద 20 శాతం దాటి పెరిగిందంటే ప్లాస్మా గట్టిగానే కారుతున్నట్టు లెక్క. అదే సమయంలో ప్లేట్‌లెట్లు 1,10,000 నుంచి 48,000కు పడ్డాయి. ఒకటి ఎక్కుతూ, ఇంకొకటి వేగంగా దిగుతూ ఉండటం డాక్టర్లకు పెద్ద హెచ్చరిక.

'సొంత అంకె మీద' అన్న మాట గమనించండి. మన దగ్గర రక్తహీనత ఉన్న పిల్లలు ఎక్కువ. మామూలుగా పీసీవీ 30 ఉండే పిల్లకు అది 36కు చేరితే, ల్యాబు కాగితం మీద నార్మల్ అని ఉంటుంది, పక్కన ఎర్ర గుర్తు కూడా పడదు. కానీ ఆ పిల్లలో 20 శాతం పెరిగినట్టే. అందుకే జ్వరం మొదటి రెండు మూడు రోజుల్లో ఒకసారి రక్తపరీక్ష చేయించి ఉంచుకోవడం అవసరం. పోల్చడానికి మొదటి అంకె లేకపోతే రెండో అంకె సగమే చెబుతుంది.

చేర్చుకున్నప్పటి చీటీలో రక్తపోటు 100/76, నాడి నిమిషానికి 118 అని ఉంది. పై అంకె 100 ఉంది కదా, బాగానే ఉందని మీకు అనిపించి ఉంటుంది. డెంగీలో పై అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. ద్రవం తగ్గినప్పుడు శరీరం చేతులకూ కాళ్లకూ వెళ్లే నాళాలను బిగించి, ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్లిస్తుంది. ఆ బిగింపుకు కింది అంకె పైకి లేస్తుంది, పై అంకె చాలాసేపు కదలదు. కాబట్టి రెండింటి మధ్య తేడా చూడాలి. మామూలుగా అది 40 దరిదాపుల్లో ఉంటుంది. మీ అమ్మాయికి 24. అది 20కి చేరిందంటే, పై అంకె ఎంత ఉన్నా సరే, షాక్‌లోకి, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి వెళ్లినట్టే. పిల్లల్లో పై అంకె కూడా పడిపోయే వేళకు చాలా ఆలస్యమై ఉంటుంది. అప్పటిదాకా పిల్ల స్పృహలోనే ఉంటుంది, మాట్లాడుతుంది, నీళ్లు అడుగుతుంది. అంటే ఆ సాయంత్రం పాప షాక్ గుమ్మానికి ఇవతల ఉండగానే మీరు ఆసుపత్రికి చేరారు. కడుపునొప్పిని గ్యాస్ అనుకుని ఇంట్లో ఉంచి ఉంటే తెల్లవారేసరికి ఆ తేడా ఎంతకు చేరేదో నేను చెప్పనక్కర్లేదు.

ఇక సెలైన్ సంగతి. ఆసుపత్రి చార్టులో మొదటి రెండు గంటలు గంటకు 200 మిల్లీలీటర్లు వెళ్లింది. అంటే కిలో బరువుకు 5 మిల్లీలీటర్లు. పీసీవీ 42కు తగ్గి, నాడి నెమ్మదించాక గంటకు 120 చేశారు, ఆ తర్వాత 80. రాత్రి రెండు గంటలకు మళ్లీ పరీక్షిస్తే పీసీవీ 45, మూత్రం తక్కువ. వెంటనే 200కు పెంచారు. తెల్లవారుజామున మళ్లీ తగ్గించారు. అయిదో రోజంతా 120కీ 80కీ మధ్య నడిచింది. 500 మిల్లీలీటర్ల సీసా గంటకు 200 చొప్పున రెండున్నర గంటల్లో అయిపోతుంది, 80 చొప్పున ఆరు గంటలకు పైగా పడుతుంది. మీకు సీసా ఒకసారి గబగబా దిగుతూ, ఒకసారి కదలకుండా వేలాడుతూ కనబడింది అందుకే. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. కారే వేగాన్ని బట్టి పోసే వేగాన్ని మార్చారు. రక్తం మాటిమాటికీ తీసింది ఆ వేగం తెలుసుకోవడానికే.

ద్రవం పోతోంది కదా, ఒకేసారి ఎక్కువగా పోసేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు, పైగా ప్రమాదం. నాళాలు ఇంకా కారుతూనే ఉన్నాయి. పోసిన దాంట్లో కొంత నాళాల్లో నిలుస్తుంది, మిగతాది పొట్టలోకీ ఛాతీలోకీ చేరుతుంది. ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ చేరి ఊపిరి ఆడకుండా చేస్తుంది. అందుకే ఈ 48 గంటల్లో పీసీవీని 36కు తీసుకురావాలని డాక్టర్లు పట్టుబట్టరు. చేతులు వెచ్చగా ఉండాలి, నాడి బలంగా తగలాలి, మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరైనా రావాలి. మీ అమ్మాయికి అది గంటకు 20 మిల్లీలీటర్లు. అంతమాత్రం జరిగేలా, అతి తక్కువ ద్రవంతో ఆ రెండు రోజులు గట్టెక్కించడమే వైద్యం. మందు ఇచ్చి వైరస్‌ను చంపడం ఇక్కడ లేదు. డెంగీ వైరస్‌పై పనిచేసే మందు ఏదీ ఇప్పుడు వాడుకలో లేదు. తీవ్రమైన డెంగీలో సరైన వైద్యం అందకపోతే నూటికి ఇరవై మంది దాకా పోయే అవకాశం ఉండగా, అనుభవం ఉన్న చోట అది ఒక శాతం లోపుకు దిగిందంటే కారణం ఈ ద్రవాల లెక్క, ఆ లెక్కను రాత్రంతా కాచుకుని చూసే మనుషులు.

సీసాలో ఏముందన్నదీ ముఖ్యమే. నార్మల్ సెలైన్, రింగర్ లాక్టేట్ లాంటివి రక్తంలోని లవణ సాంద్రతకు దగ్గరగా ఉండి నాళాల్లో కొంతసేపు నిలుస్తాయి. వియత్నాంలోని హో చి మిన్ నగరంలో డెంగీ షాక్‌తో వచ్చిన పిల్లలపై చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఓ మోస్తరు తీవ్రత ఉన్న పిల్లలకు ఖరీదైన డెక్స్‌ట్రాన్, స్టార్చ్ ద్రావణాలతో సమానంగా మామూలు రింగర్ లాక్టేట్ పనిచేస్తుందని అందులో తేలింది. ఊళ్లో 'నీరసానికి గ్లూకోజ్ ఎక్కిస్తాను' అని పెట్టే సీసా వేరు. అందులో లవణం ఉండదు. చక్కెర ఖర్చయిపోగానే మిగిలిన నీరు నాళాల్లో నిలవకుండా ఒళ్లంతా పరుచుకుంటుంది. కారే దశలో అది లోటును పూడ్చదు, వాపు పెంచుతుంది. అసలు జ్వరం దశలో నోటితో తాగగలిగే పిల్లవాడికి బలం కోసమని ముందుగానే సెలైన్ పెట్టించడం కూడా మంచిది కాదు. అలా పోసినంత మాత్రాన రాబోయే లీకేజీ ఆగదు.

ఆరో రోజు పొద్దున ఏం జరిగిందో ఇప్పుడు చూడండి. పీసీవీ 37. నాడి 78. రాత్రి నుంచి మూత్రం ధారాళం. పాప ఇడ్లీ అడిగిందని మీరే రాశారు. అవన్నీ కలిపి చెప్పేది ఒకటే, కారడం ఆగిపోయింది, బయటికి పోయిన నీరు తిరిగి నాళాల్లోకి వస్తోంది. రెండు రోజులుగా పొట్టలో, ఛాతీలో చేరిందంతా ఒక్కసారిగా వెనక్కి వస్తుంటే, పైనుంచి సెలైన్ కూడా పోస్తూ ఉంటే గుండె మీద భారం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. గండం గడిచిన పిల్లలు ఆయాసంతో మళ్లీ ఐసీయూకు వెళ్లేది ఇలాంటి చోటే. ఆ ఉదయం సెలైన్ తీసేయడం, మీ తమ్ముడికి ఎంత వింతగా కనబడినా, ఆ మూడు రోజుల్లో జరిగిన మంచి పనుల్లో ఒకటి.

పీసీవీ తగ్గడానికి ఇంకో అర్థం కూడా ఉంది, అది పూర్తిగా వ్యతిరేకం. నాడి వేగంగా కొట్టుకుంటూ, చేతులు చల్లగా, రక్తపోటు పడిపోతూ ఉండగా పీసీవీ 45 నుంచి 37కు దిగితే అది కోలుకోవడం కాదు, లోపల ఎక్కడో, చాలాసార్లు కడుపులో, రక్తస్రావం అవుతున్నట్టు. అప్పుడు రక్తం ఎక్కించాలి. అంకె ఒకటే, అర్థాలు రెండు. డాక్టరు రిపోర్టు చేతికి రాకముందే వచ్చి పాప పాదాలు పట్టుకుని చూసి, గోరు నొక్కి వదిలి, రంగు రెండు సెకన్లలో తిరిగి వస్తుందా అని గమనించడం మీరు చూసే ఉంటారు. ఆ అంకెను ఎటు చదవాలో చెప్పేవి అవే.

మరి 22 వేల ప్లేట్‌లెట్లు? అవి కోలుకోవడం కంటే ఒకటి రెండు రోజులు వెనుక నడుస్తాయి. పిల్ల లేచి కూర్చుని తింటున్నా అంకె ఇంకా కిందే ఉండటం మామూలే. సింగపూర్, మలేషియాల్లో 20 వేలు, అంతకంటే తక్కువ ప్లేట్‌లెట్లు ఉండి పెద్ద రక్తస్రావం లేని పెద్దవాళ్లను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ప్లేట్‌లెట్లు ఎక్కించి, రెండో వర్గానికి ఎక్కించకుండా చూశారు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. ఎక్కించినందువల్ల రక్తస్రావం తగ్గలేదు. దద్దుర్లు, అలర్జీ లాంటి ఇబ్బందులు మాత్రం ఎక్కించిన వారిలోనే ఎక్కువ కనబడ్డాయి. ఎక్కించిన ప్లేట్‌లెట్లు ఆ రోగిలో ఎక్కువసేపు నిలవవు కూడా. పైగా ఆ సంచి కూడా ద్రవమే, వద్దనుకున్న సమయంలో అదనంగా పోసినట్టే. మన జాతీయ మార్గదర్శకాల్లో రక్తస్రావం ఉన్నప్పుడో, లేకపోతే 10 వేల కంటే తగ్గినప్పుడో ఎక్కించమని ఉంది. మీ తమ్ముడు అర్ధరాత్రి దాతల కోసం ఫోన్లు చేసి ఉంటాడు, ఆయన ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ డెంగీలో పిల్లలను పోగొట్టుకునేది ఎక్కువగా షాక్ వల్ల, ఆ షాక్ ముదిరాక వచ్చే రక్తస్రావం వల్ల. ప్లేట్‌లెట్ అంకె ఒక్కటే తగ్గినంత మాత్రాన కాదు.

ఇప్పుడు బాబు దగ్గరికి వద్దాం. ఈ రోజు అతనికి రెండో రోజు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. 25 కిలోలకు ఒక మోతాదు 250 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మోతాదులు మించకూడదు. సిరప్ సీసా మీద ఏం రాసి ఉందో కళ్లతో చూడండి. 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములవి ఉంటాయి, 250వి ఉంటాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. 250 సీసా అయితే అతనికి 5 మిల్లీలీటర్లు చాలు. మందు వేశాక జ్వరం పూర్తిగా దిగకపోవచ్చు, రెండు డిగ్రీలు తగ్గి పిల్లవాడు కాస్త తేరుకుంటే చాలు. అది దిగలేదని ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి వెళ్లకండి. ఇవి కడుపులో పుండ్లు చేసి రక్తస్రావం తెస్తాయి. పిరుదుకు ఇంజక్షన్ కూడా వద్దు, ప్లేట్‌లెట్లు తగ్గే రోజుల్లో కండలో రక్తం గడ్డకడుతుంది.

తాగించడం విషయంలో అటూ ఇటూ పోకండి. అతని బరువుకు రోజు మొత్తం మీద పాలు, మజ్జిగ, గంజి, పప్పుకట్టు, ఓఆర్ఎస్ అన్నీ కలిపి ఒకటిన్నర లీటరు నుంచి కొంచెం పైన సరిపోతుంది. జ్వరం, వాంతులు ఎక్కువగా ఉంటే ఇంకొంచెం. ఉత్త మంచినీళ్లే పట్టిస్తే రక్తంలో సోడియం తగ్గుతుంది, కాబట్టి ఉప్పు ఉన్నవి సగమైనా ఉండాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాడు చొప్పున రెండు నిమిషాలకోసారి ఇవ్వండి. సరిపోతోందా లేదా అన్నది మూత్రమే చెబుతుంది. ఆరు గంటల్లో ఒక్కసారైనా పోయాలి. ఆరు గంటలు దాటినా పోయలేదంటే అది రాత్రయినా ఆసుపత్రికి బయలుదేరాల్సిన సంగతే.

బొప్పాయి ఆకు రసం గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. అది ప్లేట్‌లెట్ల అంకెను కాస్త త్వరగా పెంచుతుందేమో అన్న వాదన ఉంది. నాళాలు కారడాన్ని ఆపుతుందనడానికి ఆధారం లేదు. నా అభ్యంతరం వేరే. ఆ చేదుకు పిల్లలు వాంతి చేసుకుంటారు. అప్పుడు అది రసం వల్ల వచ్చిన వాంతా, ప్రమాద సూచన అయిన వాంతా అని ఇంట్లోవాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. అదే కారణంతో ఈ వారం బీట్‌రూట్, ఎర్రరంగు షర్బత్తులు, చాక్లెట్ పాలు కూడా ఆపండి. వాంతి ఎర్రగానో, మలం నల్లగానో ఉంటే అది రక్తమే అని సందేహం లేకుండా అనుకోగలగాలి.

రక్తపరీక్ష రేపు, అంటే మూడో రోజు ఒకసారి చేయించండి. అక్కడి నుంచి జ్వరం దిగి రెండు రోజులు గడిచేదాకా రోజూ. ప్రతిసారీ పీసీవీ, ప్లేట్‌లెట్లు పక్కపక్కన ఒకే కాగితం మీద రాయండి. ఒకే ల్యాబులో చేయించడం మేలు. జ్వరం నిజంగా దిగిందా, మందుకు దిగిందా అన్న సందేహం వస్తుంది. మందు వేసి ఆరు గంటలు దాటాక కూడా, ఇంకో మోతాదు వేయకుండానే ఒళ్లు చల్లగా ఉంటే, అప్పుడు దిగినట్టు. ఆ క్షణాన్నీ కాగితం మీద రాయండి. ఆ తర్వాత 48 గంటలు బడి, ఆటలు, ప్రయాణాలు వద్దు. ఎవరో ఒకరు పక్కనే ఉండాలి.

ఆ 48 గంటల్లో పిల్లవాడు తేరుకోవాలి. ఇది గుర్తుంచుకుంటే మిగతావన్నీ అందులోంచే వస్తాయి. జ్వరం పోయింది, కానీ పిల్లవాడు ఇంకా వాడిపోతున్నాడంటే తేడా ఉన్నట్టు. కడుపునొప్పి తగ్గకుండా ఉండటం, ముఖ్యంగా కుడివైపు పక్కటెముకల కింద నొక్కితే మూలగడం చూడండి. కాలేయం ఉబ్బితే అక్కడే నొప్పి. వాంతులు రోజులో మూడు దాటితే, తాగింది ఏదీ నిలవకపోతే వెంటనే వెళ్లండి. చిగుళ్ల నుంచీ ముక్కు నుంచీ రక్తం, నల్లటి మలం కనబడితే ఆగి చూసే సంగతులు కావు. పొట్ట ఉబ్బడం, పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చోవడం అంటే లోపల నీరు చేరిందని అర్థం. ఇక ఇంట్లోవాళ్లు ఎక్కువగా పొరబడేది మనిషి తీరులో మార్పు దగ్గర. ఊరికే మగతగా పడి ఉంటే 'పాపం, నిద్ర లేక అలసిపోయాడు' అంటారు, నిలకడ లేకుండా దొర్లుతూ చిరాకు పడితే 'మొండికేస్తున్నాడు' అంటారు. రెండూ మెదడుకు రక్తం చాలడం లేదన్న సంకేతాలు కావచ్చు. అప్పుడు అరచేతులు, పాదాలు పట్టుకుని చూడండి. నుదురు మామూలుగా ఉండి పాదాలు చల్లగా, చెమటగా ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకండి. ఈ సూచనల్లో ఏ ఒక్కటి కనబడినా చాలు, రెండోదాని కోసం ఎదురుచూడక్కర్లేదు, ఆ రోజు ప్లేట్‌లెట్లు లక్ష ఉన్నా సరే.

ఎక్కడికి వెళ్లాలన్నది ఇప్పుడే తేల్చుకోండి. రాత్రిపూట కూడా పీసీవీ చేయగల ల్యాబు, పిల్లల డాక్టరు, అవసరమైతే రక్తం దొరికే వీలు ఉన్న చోటు కావాలి. అమ్మాయిని చూసిన ఆసుపత్రికే వెళ్లగలిగితే అంతకంటే ఏం కావాలి.

జ్వరం ఉన్న రోజుల్లో బాబు రక్తంలో వైరస్ ఉంటుంది కాబట్టి అతన్ని కుట్టిన దోమ ఇంట్లో ఇంకొకరికి అంటించగలదు. ఈ దోమ పగలు కుడుతుంది. అందుకని పగలు పడుకున్నా దోమతెర ఉండాలి. అమ్మాయికి ఇప్పుడు అరచేతులు, అరికాళ్లు దురదపెడుతున్నాయని రాశారు. అది కోలుకునే దశలో వచ్చే దురదే, తగ్గిపోతుంది. నీరసం మరికొన్ని వారాలు ఉండవచ్చు. ఆమెకు వచ్చిన రకం డెంగీ మళ్లీ రాదు, కానీ డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు, రెండోసారి వేరే రకం వస్తే తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి డిశ్చార్జి కాగితాన్ని పారేయకుండా ఫైలులో పెట్టండి. మళ్లీ ఎప్పుడైనా జ్వరం వస్తే ఇదివరకు డెంగీ వచ్చిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, ఆ కాగితం కూడా చూపించండి. పీసీవీ మామూలుగా 36, 37 ఉండే అమ్మాయి అని అందులో ఉంది, పోల్చి చూసేందుకు ఆ అంకె పనికొస్తుంది.